సెల్ఫీలో సిల్వర్ గ్రే, జుట్టుకు కనకాంబరం: ఒక హెయిర్ కలర్ కేసు

నేపథ్యం

బీటెక్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి. ఈ కేసు ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, కాలేజీ తీసేశాను. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేను చేసేది ఎక్కువగా జుట్టు రంగుల పనే. ఫోన్లో తన సెల్ఫీ మీద రంగులు వేసి చూసుకుని, నచ్చినదాన్ని పట్టుకుని వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నాకు ఇది మంచిదే అనిపిస్తుంది. "ఏదైనా బాగుండేది వేయండి" అని కుర్చీలో కూర్చునేవాళ్లకంటే వీళ్లతో మాట్లాడటం తేలిక, ఏం కావాలో వీళ్లకు తెలుసు. చిక్కల్లా యాప్ దగ్గర వస్తుంది. యాప్ ఫొటోలో జుట్టున్న చోటు ఏదో కనిపెట్టి, అక్కడి రంగు మార్చేస్తుంది. ఆ జుట్టుకు రెండేళ్ల కిందట ఏం పూశారో, ఏ మందు పెట్టి సాగదీశారో దానికి తెలిసే దారి లేదు. ఈ అమ్మాయి విషయంలో అసలు కథంతా ఆ రెండేళ్లలోనే ఉంది.

సమస్య

కాలేజీ ఫెస్టుకు మూడు వారాల ముందు వచ్చింది. రాగానే ఫోన్ నా చేతిలో పెట్టింది. ఒకే సెల్ఫీ, దాని మీద రకరకాల రంగులు: వైన్, బర్గండీ, కాపర్, గులాబీ, ఊదా, నెమలి నీలం, ప్లాటినం, సిల్వర్ గ్రే. హాస్టల్లో రాత్రిళ్లు రూమ్మేట్లంతా కలిసి ఓట్లు వేసుకున్నారట. గెలిచింది సిల్వర్ గ్రే. రెండో స్థానం నెమలి నీలానిది.

"తల మొత్తం ఇదే రంగు రావాలక్కా. ఒక్క రోజులో అయిపోతుందా?"

నేను ముందు ఆ ఫొటోనే పెద్దది చేసి చూశాను. ట్యూబ్‌లైట్ కింద తీసుకున్న సెల్ఫీ, బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంది. ముఖం ఉన్నదానికంటే రెండు ఛాయలు తెల్లగా, చెంపల మీద చిన్న మచ్చ కూడా లేకుండా ఉంది. జుట్టు వెనక్కి లాగి ముడేసుకుంది కాబట్టి యాప్‌కు దొరికింది నుదుటి పైన ఉన్న కొంచెం జుట్టే. కుడి భుజం దగ్గర చున్నీ అంచుకు కూడా సిల్వర్ అంటుకుంది, అంటే యాప్ ఆ గుడ్డను కూడా జుట్టే అనుకుంది. ఇంకో సంగతి, నల్ల జుట్టు మీద గ్రే కనబడాలని యాప్ ముందు ఆ భాగాన్ని బాగా వెలుతురు చేసి, ఆ తర్వాత బూడిద రంగు పూసింది. ఆ వెలుతురు చేసే పనే సెలూన్లో బ్లీచ్ చేయాలి. ఫోన్లో అరక్షణం పట్టేది జుట్టు మీద గంటలు తీసుకుంటుంది, కొన్నిసార్లు ఎంతసేపు ఉంచినా జరగదు.

ఇక్కడే "నీ ఛాయకు గ్రే నప్పదమ్మా" అని తేల్చేయొచ్చు. నేను ఆ మాట అనను. చామనఛాయ వాళ్లకు గ్రే చక్కగా కుదిరిన తలలు నేనే చేశాను. ఏ రంగు సాధ్యమో చెప్పాల్సింది జుట్టు, కాబట్టి అడగాల్సింది కూడా జుట్టునే.

జుట్టు చరిత్ర

ముడి విప్పించి, జుట్టు తడిపి, దువ్వి చూశాను. వీపు మధ్య దాకా, కుదుళ్ల నుంచి చివరి దాకా దాదాపు 50 సెంటీమీటర్లు ఉంది. తడిసినప్పుడు ఒక గీత స్పష్టంగా కనబడింది. కుదుళ్ల నుంచి గడ్డం ఎత్తు వరకు జుట్టులో చిన్న అలలున్నాయి. అక్కడి నుంచి కిందికి ఒక్కసారిగా కర్రలా తిన్నగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే రంగులో కూడా తేడా తెలిసింది. పై భాగం ఎండలో ముదురు గోధుమ మెరుపు ఇస్తోంది. చివర్లు మాత్రం నీలం కలిసిన నలుపులో, మెరుపు లేకుండా ఉన్నాయి.

"స్మూతెనింగ్ ఎప్పుడు చేయించావు?" అని అడిగాను. ఇంటర్ పరీక్షలయ్యాక, అంటే ఏడాదిన్నర కిందట. జుట్టు నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. 18 నెలలకు 22 సెంటీమీటర్ల కొత్త జుట్టు, తడి జుట్టులో కనబడ్డ గీతకు సరిగ్గా సరిపోయింది.

చివర్ల నలుపు గురించి అడిగితే మొదట ఏమీ వేయలేదంది. "కలర్ వేశావా?" అంటే చాలామంది లేదనే అంటారు, ఎందుకంటే మెహందీని వాళ్లు రంగు కింద లెక్కపెట్టరు. అందుకే నేను ఇంకోలా అడుగుతాను: "పెళ్లిళ్లకో పండగలకో తలకు ఏమైనా పెట్టారా?" అప్పుడు గుర్తొచ్చింది. స్మూతెనింగ్‌కు కొన్ని నెలల ముందు, అక్క పెళ్లికి, ఎండకు ఎర్రబడ్డ జుట్టు నల్లగా కనబడాలని ఇంట్లో బ్లాక్ మెహందీ ప్యాకెట్ కలిపి పెట్టారు. "అప్పుడు నుదుటి దగ్గర, చెవుల వెనక బాగా దురద వచ్చిందక్కా, రెండు రోజులు ఎర్రగా ఉంది" అని ఆమే చెప్పింది.

ఈ ఒక్క మాటతో నా పద్ధతంతా మారింది. గోరింటాకు ఆకుల్లో ఉండేది ఎర్రని రంగే, నల్ల రంగు దాని నుంచి రాదు. బ్లాక్ మెహందీ ప్యాకెట్లు చాలావాటిలో నలుపు పీపీడీ అనే రసాయనం వల్ల వస్తుంది. పర్మనెంట్ హెయిర్ డైలలో కూడా ఎక్కువగా అదే, లేదా దాని బంధువే ఉంటుంది. ఒకసారి దానికి దురద, ఎరుపు వచ్చినవాళ్లకు మరోసారి తగిలితే ముఖం వాచేంత దాకా పోవచ్చు. అందుకని ఆమెకు ట్యూబ్‌లో వచ్చే పర్మనెంట్ డైలన్నీ అప్పుడే పక్కన పెట్టేశాను. చెవి వెనక కొంచెం రాసి చూద్దాం అని కూడా అనలేదు. అలాంటి పరీక్ష చేయాల్సింది చర్మ డాక్టరే, అక్కడికి వెళ్లమని చెప్పాను. మా దగ్గర వాడదగ్గది పీపీడీ లేని డైరెక్ట్ డై ఒక్కటే. అది డెవలపర్, అంటే డైనీ బ్లీచ్‌నూ పనిచేయించే పెరాక్సైడ్ ద్రవం, కలపకుండా నేరుగా జుట్టుకు పట్టే రంగు. దాన్ని మాత్రం చెవి వెనక రాసి 48 గంటలు ఆగమన్నాను.

ఏం ప్రయత్నించాం

రంగు అప్పుడే వేయలేదు. మెడ వెనక, లోపలి వరుస నుంచి బయటికి తెలియకుండా సన్నటి పాయ ఒకటి మొదలంటా కత్తిరించి, దాన్ని మూడు ముక్కలు చేశాను. మొదటిది కుదుళ్ల వైపు సహజమైన జుట్టు. రెండోది స్మూతెనింగ్ మాత్రమే అయిన మధ్య భాగం, ఆరు సెంటీమీటర్లే. మూడోది స్మూతెనింగూ మెహందీ రెండూ పడ్డ చివరి భాగం.

ముందు చివరి ముక్కలోంచి కొన్ని వెంట్రుకలు తీసి, 6 శాతం డెవలపర్‌లో కొన్ని చుక్కల అమ్మోనియా వేసి ముంచాను. కొన్ని రకాల ప్యాకెట్ రంగుల్లో లోహ లవణాలుంటాయి. అలాంటి జుట్టు మీద బ్లీచ్ పెడితే వేడెక్కి, పొంగి, పాయ అక్కడికక్కడే కాలిపోయినట్టు అవుతుంది. గిన్నె అరగంట చూశాను. బుడగలు రాలేదు, చేత్తో ముట్టుకుంటే వేడి లేదు. బ్లీచ్ పరీక్షకు వెళ్లొచ్చనిపించింది.

తర్వాత మూడు ముక్కలకూ విడివిడిగా ఫాయిల్లో బ్లీచ్ పెట్టాను. ఒక వంతు పౌడరుకు రెండు వంతుల 6 శాతం డెవలపర్. త్వరగా తేలాలని 9 శాతమో 12 శాతమో వాడేవాళ్లున్నారు. పరీక్షలో అలా వాడితే జుట్టు బలహీనతను డెవలపర్ ఘాటు కప్పేస్తుంది, ఏది దేనివల్ల జరిగిందో చెప్పలేం. పది నిమిషాలకోసారి ఫాయిల్ తెరిచి, కొంచెం తుడిచి రంగు చూశాం. ఆమె పక్కనే కూర్చుని ప్రతిసారీ ఫొటో తీసుకుంది.

నల్ల జుట్టు బ్లీచ్‌లో తేలేటప్పుడు నేరుగా తెల్లబడదు. ముందు ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు, చివరికి లేత పసుపు. మా లెక్కలో నలుపు 1, అత్యంత లేత రంగు 10. మనవాళ్ల జుట్టు ఎక్కువగా 1, 2 దగ్గర మొదలవుతుంది. సిల్వర్ గ్రే పట్టాలంటే జుట్టు 10 దగ్గరికి, అరటిపండు తొక్క లోపలి వైపు ఉండే పసుపుకు చేరాలి. అంతకు ఒక్క మెట్టు కింద ఆగినా గ్రే మురికిగా కనబడుతుంది.

40 నిమిషాలకు ముక్కలు కడిగి చూస్తే ఇలా ఉన్నాయి. కుదుళ్ల ముక్క నారింజ కలిసిన పసుపుకు వచ్చింది, మెట్ల లెక్కలో 7 దాటి 8కి దగ్గర. తడిగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో లాగితే కొద్దిగా సాగి, వదలగానే మళ్లీ వెనక్కి వచ్చింది. మధ్య ముక్క నారింజ దగ్గర ఉంది, లాగితే సాగింది కానీ పూర్తిగా వెనక్కి రాలేదు. చివరి ముక్క ఇటుక రంగు దగ్గరే నిలిచిపోయింది. పట్టుకుంటే వేళ్లకు జిగురుగా తగిలింది, లాగగానే సాగి తెగిపోయింది.

ఏది కుదరలేదు

తల మొత్తం సిల్వర్ గ్రే ఆలోచన ఆ మూడో ముక్కతోనే ఆగింది. చివరి 22 సెంటీమీటర్లు బ్లీచ్‌ను తట్టుకోలేవు. మధ్యలో ఆరు సెంటీమీటర్లు తట్టుకున్నా నెలలోపే తెగడం మొదలవుతుంది.

ఆమె కాసేపు ఆలోచించి, "అయితే పాతదంతా కట్ చేసేసి బాబ్ కట్ చేస్తే? మిగిలేదంతా కొత్త జుట్టే కదా?" అంది. తెలివైన ప్రశ్న. లెక్క ప్రకారం కుదురుతుంది కూడా. నేను వద్దన్నది రెండు కారణాలతో. కొత్త జుట్టు సైతం ఒక్క సిట్టింగ్‌లో 8 దాకానే వచ్చింది. 10కి చేర్చాలంటే తల మొత్తం మీద, మాడుకు తగిలేలా, మరో రెండు సార్లు బ్లీచ్ పెట్టాలి. బ్లీచ్ పౌడర్లో ఉండే పర్‌సల్ఫేట్లు కూడా కొందరి చర్మానికి పడవు. ఇప్పటికే ఒక రసాయనానికి ఎర్రబడ్డ మాడు మీద ఆ పని ఫెస్టుకు ముందు మూడు వారాల్లో చేయడం నాకు ఇష్టం లేదు. రెండో కారణం ఆమెదే. బాబ్ గురించి ఆమె అడిగింది గ్రే కోసం. జడ పోతుందనేసరికి మొహం వాడిపోయింది.

నెమలి నీలం సంగతి తేల్చడానికి కుదుళ్ల ముక్కను నాలుగు సన్న పాయలు చేసి, ఒక్కోదానికి ఒక్కో రంగు పూశాం. నీలం పూసినది నాచు పట్టిన ఆకుపచ్చగా తేలింది. కింద పసుపు ఉన్నప్పుడు పైన నీలం పడితే అంతే. ఫోన్లో నీలం నీలంగానే కనబడింది, ఎందుకంటే యాప్ వేసిన రంగు కింద పసుపు లేదు. గ్రే పూసినది బురద కలిసిన ఖాకీ. ఆ రెండు పాయలనూ తెల్ల అట్టముక్క మీద టేపు వేసి ఆమె చేతికిచ్చాను. రూమ్మేట్లకు ఫొటో పంపింది. ఆ ఖాకీని చూశాక గ్రేకి వేసిన ఓట్లు ఆమే వెనక్కి తీసుకుంది.

మిగిలిన రెండు పాయల్లో ఒకదానికి మజెంటా, ఒకదానికి కాపర్ డైరెక్ట్ డై. మజెంటా కింది నారింజతో కలిసి టమాటా వైపు మొగ్గింది. కాపర్ మాత్రం ఆ నారింజ పసుపునే తన కింద ఆసరాగా వాడుకుని, ఎండలో పెడితే మండుతున్నట్టు వచ్చింది. ఆమె దాన్ని చూసి, "ఇది కనకాంబరం రంగక్కా" అంది. మేం ఆ తర్వాత దానికి అదే పేరు పెట్టి మాట్లాడుకున్నాం.

ఏది పనిచేసింది

రంగు తేలింది, ఎక్కడ వేయాలన్నది మిగిలింది. కింది వరుసల్లో దాచి వేసే పద్ధతి ముందు అనుకున్నాం. జడేసుకుంటే కనబడదు, విప్పితే కనబడుతుంది, ఇంట్లో వాళ్లకు కూడా సమ్మతం అవుతుంది. అయితే ఆ వరుసల్లో ప్రతి వెంట్రుకకూ పాత చివర్లున్నాయి. 22 సెంటీమీటర్ల దగ్గర బ్లీచ్ ఆపితే నారింజ మధ్యలో తెగి, కింద నల్ల తోక వేలాడుతుంది.

దారి కొలతలోనే దొరికింది. నుదుటి పైనుంచి ముఖం పక్కగా దించితే 22 సెంటీమీటర్లు గడ్డం దగ్గరికి వస్తాయి. అంటే ముందున్న పాయలను గడ్డం దాకా కత్తిరిస్తే, ఆ పాయల్లో కుదురు నుంచి చివరి దాకా ఉండేదంతా కొత్త జుట్టే. స్మూతెనింగూ లేదు, మెహందీ కూడా లేదు. వెనక పొడుగు అలాగే ఉంటుంది, జడ కూడా ఉంటుంది. ధైర్యమైన రంగు ముఖానికి ఇరువైపులా, అందరికీ కనబడే చోటే ఉంటుంది.

ఇప్పుడు సెల్ఫీ మళ్లీ పనికొచ్చింది. ఈసారి కిటికీ పక్కన, ట్యూబ్‌లైట్ ఆపి, బ్యూటీ మోడ్ తీసేసి, జుట్టు వదిలేసి, మెడకు తెల్ల టవల్ చుట్టి తీశాం. టవల్ ఫొటోలో తెల్లగానే కనబడితే మిగతా రంగులను కొంత నమ్మొచ్చు. అది నీలంగానో పసుపుగానో కనబడితే ఫోన్ రంగుల్ని తిప్పేసిందని అర్థం. యాప్‌కు తల మొత్తం రంగు మార్చడమే వచ్చు, ముందు రెండు పాయలకు మాత్రమే వేయడం రాదు. ఆమె ఫొటో ఎడిటర్లో బ్రష్‌తో ఆ రెండు పాయలనే గీసి, అట్టముక్క మీది కాపర్ పాయ ఫొటోలోంచి రంగు ఎంచుకుని నింపింది. ఒకసారి సన్నగా, ఒకసారి వెడల్పుగా గీసి చూసుకుంది. వెడల్పుదే ఎంచుకుంది. ఆ తర్వాత అసలు పాయనే చెంప పక్కన పట్టుకుని అద్దంలో చూసుకుంది. నా ఉద్దేశంలో నిర్ణయం జరిగింది అప్పుడే. తెర మీద రంగు వెలుగుతుంది, జుట్టు మీద రంగు మెరుస్తుంది. ఆ తేడా పాయ చేతిలో ఉంటేగానీ తెలియదు.

చెవి వెనక రాసిన డైరెక్ట్ డైకి 48 గంటల తర్వాత దురద లేదు, ఎరుపు లేదు. ముందు రోజు తలస్నానం చేయొద్దని, నూనె పెట్టొద్దని చెప్పి రమ్మన్నాను.

ముందు పొడి జుట్టు మీదే కత్తిరించాను. తడిగా కత్తిరిస్తే ఆరాక అలలు పైకి ముడుచుకుని పాయ చెంప దాకా ఎక్కిపోతుంది. రెండు కనుబొమల వంపు నుంచి పాపిడి దాకా ముక్కోణంగా జుట్టు విడదీసి, సన్న పొరలుగా ఫాయిళ్లలో వేశాను. బ్లీచ్‌ను మాడుకు ఒక సెంటీమీటర్ దూరంలోనే ఆపాను. చర్మానికి తగలకూడదన్నది మొదటి కారణం. ఆ సెంటీమీటర్ నలుపు ఉండటం వల్ల జుట్టు పెరుగుతున్నప్పుడు గీత కొట్టొచ్చినట్టు కనబడదన్నది రెండోది. మధ్య నుంచి చివరికి ముందు పూసి, మాడుకు దగ్గరి భాగం పదిహేను నిమిషాలాగి పూశాను. తల వేడికి అక్కడ త్వరగా తేలుతుంది, ఒకేసారి పూస్తే పైన పసుపు, కింద నారింజ వస్తుంది.

35 నిమిషాలకు పరీక్ష పాయ రంగు వచ్చేసింది. ఇంకో పది నిమిషాలు ఉంచితే మరింత తేలేది, కానీ కాపర్‌కు అంతకంటే లేత అక్కర్లేదు, అనవసరంగా జుట్టు నీరసపడటం తప్ప. కడిగి, తడిలో లాగి చూసి, ఆరబెట్టి కాపర్ పూశాను. అరగంట ఉంచి, చల్లని నీళ్లతో నీరు తేటపడేదాకా కడిగాను. వెనక జుట్టుకు బ్లీచూ రంగూ ఏమీ పెట్టలేదు, చిట్లిన చివర్లు మూడు వేళ్ల మందం తీశానంతే.

ఆ తర్వాత

డైరెక్ట్ డై జుట్టు పైపొరల్లోనే ఉంటుంది, ప్రతి స్నానానికీ కొంత పోతుంది. తలంటు రోజు వెచ్చటి నీళ్లు, రాత్రంతా కొబ్బరినూనె దానికి పడవు. రంగు దిండుకు అంటుతుంది, నీళ్లలో నారింజగా పోతుంది. వెనక జుట్టుకు నూనె పెట్టుకో, ముందు పాయలు క్లిప్పు పెట్టి వేరుగా ఉంచు అన్నాను. వారానికి రెండు సార్లకంటే ఎక్కువ షాంపూ వద్దన్నాను. హాస్టల్లో బోరు నీళ్లు, వాటి ఉప్పుకు జుట్టు గరుకెక్కుతుంది కాబట్టి చివరి మగ్గు తాగే నీళ్లది పోసుకోమన్నాను. మిగిలిన డైని కండిషనర్‌లో కలిపి చిన్న డబ్బాలో ఇచ్చాను. వాడే ముందు గ్లౌజులు వేసుకుని, ఆ రెండు పాయలకే పూసి, పదిహేను నిమిషాలకు కడిగేయాలి.

ఫెస్టు అయిపోయాక ఒక రోజు వచ్చింది. కనకాంబరం కాస్త పండిన మామిడి గుజ్జు వైపు లేతబడింది. అది చూసి నేను సంతోషించాను, ఎందుకంటే కాపర్ పోతూ పోతూ కూడా తన కుటుంబం రంగుల్లోనే ఉంటుంది. నీలం అయితే ఆకుపచ్చకు దిగేది. ల్యాబ్ రోజుల్లో పాయలు రెండూ చెవి వెనక పిన్ను పెట్టి జడ కింద దాచేస్తోంది. చర్మ డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లింది. పీపీడీకి పడదని తేలింది, ఇంట్లో ఉన్న బ్లాక్ మెహందీ ప్యాకెట్లు వాళ్లమ్మ పారేశారు.

గ్రే మీద ఆశ మాత్రం పోలేదు. "పాత జుట్టంతా పెరిగి పోవడానికి ఎన్నాళ్లు పడుతుందక్కా?" అని అడిగింది. నెలకు 1.25 సెంటీమీటర్ల లెక్కన, వచ్చే ఏడాది చివరికి గడ్డం కింద దాకా కాదు, భుజాలు దాటి కొత్త జుట్టు ఉంటుందని చెప్పాను. ఆలోపు చివర్లు కొంచెం కొంచెంగా తీసేస్తూ పోవాలి, ఈలోగా స్మూతెనింగ్ గానీ ప్యాకెట్ రంగు గానీ దగ్గరికి రానివ్వకూడదు. అప్పుడు కూడా ముందు పాయ కత్తిరించి పరీక్ష చేశాకే మాట్లాడదాం అన్నాను.

ఇప్పుడు సెల్ఫీ పంపి రంగు అడిగేవాళ్ల నుంచి ముందు మూడు సంగతులు తెప్పించుకుంటున్నాను: తడి జుట్టు వదిలి, కిటికీ వెలుతురులో వెనక నుంచి తీసిన ఫొటో, తలకు ఎప్పుడెప్పుడు ఏమేం పెట్టారో నెలలతో సహా, అందులో దేనికైనా దురద వచ్చిందా అన్నది. నచ్చిన రంగు ఫొటో వాటి తర్వాత పంపమంటున్నాను.